బదులు క్లాసు

కౌంటరమ్మ బస్సు దిగి పది అడుగులు వేసిందో లేదో, మార్కెట్ గేటు పక్కనున్న చెప్పుల కొట్లోంచి బయటికి వస్తూ రేడియో కనపడింది. అంతే, ఆవిడ కాళ్ళు ఉన్నచోటే అతుక్కుపోయాయి.

రేడియో అంటే బస్టాండులో పక్క కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి. ముప్ఫై దాటలేదు గానీ గొంతు మూడు ప్లాట్‌ఫారాల అవతలికి వినపడుతుంది. తన కిటికీ ఒక్కటీ ఆ పిల్లకి చాలదు. పక్క కిటికీలో ఎవరేం అడిగినా మెడ సాచి, "ఏంటండీ, ఐదున్నర బండికి రెండా?" అని హాలు మోగేలా మళ్ళీ చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా టికెట్లిస్తున్న మనిషికి ఒళ్ళు మండదూ? "నా ప్రయాణికులతో నేను మాట్లాడుకుంటాలే తల్లీ, నీ పని చూసుకో" అని కౌంటరమ్మ ఎన్నిసార్లు కసిరిందో లెక్కలేదు. ఆ పిల్ల పళ్ళికిలించి ఊరుకుంటుంది. మర్నాడు మళ్ళీ మామూలే.

అలాంటి రేడియో కంట్లో ఇవాళ పడితే ఇంకేమన్నా ఉందా? రేపు పొద్దున టీ వేళకల్లా డిపో అంతా తెలిసిపోదూ, కౌంటరమ్మ మార్కెట్లో పెదాలు చదవడం, అంటే మూతి కదలిక చూసి మాట పట్టుకోవడం, నేర్చుకుంటోందని? చెవులు పోతున్నాయన్న మాట సూపర్‌వైజరు దాకా వెళ్ళిందంటే కిటికీ పోయినట్టే. చూపు మందగించిన గుమాస్తాని పోయినేడాది ఇలాగే పార్సెళ్ళ గోదాములోకి తోసేశారు. ఆయన అక్కడ సంచుల మీద అంకెలేసుకుంటూ, పలకరించే దిక్కులేక, ఆర్నెల్లలో పదేళ్ళు పెద్దవాడైపోయాడు. ఆ కిటికీ లేని తనని కౌంటరమ్మ ఊహించుకోలేదు. జనం ఆవిణ్ణి పిలిచే పేరే అది.

సమయం నాలుగూ ఇరవై. నాలుగున్నరకి క్లాసు, ఇన్నాళ్ళూ టీచరు గారింట్లో జరిగింది ఇవాళ మొదటిసారి మార్కెట్ గోలలో. టీచరు గారు ఇంకా వచ్చి ఉండరు. కౌంటరమ్మ గబుక్కున తాళాలు చేసే బడ్డీ వెనకున్న సందులోకి దూరి, గోడకి ఆనుకుని ఫోను తీసింది. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. అక్షరాలు చీమల్లా కనపడుతున్నాయి. ఇంట్లో మొగుడికీ అక్కకీ ఎలా పంపుతుందో అలాగే అలవాటుగా మైకు గుర్తు మీద బొటనవేలు నొక్కిపట్టింది.

"టీచరు గారూ, ఏమీ అనుకోకండి. ఆఫీసులో అర్జెంటు పని పడింది. ఇక్కణ్ణుంచి కదిలే వీల్లేదు. క్లాసు ఇంకోరోజు పెట్టుకుందామండీ."

వేలు తీసింది. మెసేజ్ వెళ్ళిపోయింది. రేడియో అటు తిరగగానే కౌంటరమ్మ ఇటు బస్సెక్కేసింది.

ఇంటికొచ్చి చీర మార్చుకుని, కళ్ళజోడు పెట్టుకునేదాకా ఆవిడకి ఏ బాధా లేదు. పైపెచ్చు గండం గడిచిందన్న హాయి. వంటింట్లో భర్త కుళాయి దగ్గర అటు తిరిగి గిన్నెలు కడుగుతూ ఏదో అంటున్నాడు. ఆవిడ అలవాటు ప్రకారం "ఊ" అంది. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. మళ్ళీ "ఊ" అంది. ఆయన ఇటు తిరిగి, "ఊ ఏంటే, నీ కంప్యూటర్ క్లాసు ఎలా జరిగిందని అడుగుతుంటే" అన్నాడు. పెదాల క్లాసుకి ఇంట్లో ఆవిడ పెట్టిన పేరు అది. "బానే జరిగింది" అని ఫోను తెరిచింది.

తెరిచి చూసి, మంచం మీద కూలబడిపోయింది.

టీచరు గారికి పంపింది గొంతు. పదిహేనేళ్ళ క్రితం జ్వరమొచ్చి రెండు చెవులూ పూర్తిగా పోయిన మనిషికి, ఉరుమురిమినా తెలియని మనిషికి గొంతు పంపించింది. "ఫోను చెయ్యకు, రాసి పంపు, ఒకరోజు ముందు చెప్పు" అని మొదటి రోజే కాగితం మీద రాసిచ్చారావిడ. ఆ కాగితం ఇప్పటికీ బీరువా తలుపుకి అంటించి ఉంది. పోనీ మతిమరుపు అనుకుందామా అంటే, చెవుల బాధ పడుతున్నది తను కూడానాయె! ఈ పొరపాటు ఎవరు చేసినా ఒక తీరు, తను చెయ్యడం ఇంకో తీరు. సిగ్గుతో చెంపలు మండాయి.

అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. మెసేజ్ పక్కన మైకు గుర్తు నీలంగా ఉంది. అంటే ఎవరో విన్నారు. టీచరు గారు వినలేరు. మరి విన్నదెవరు?

రాయడం మొదలుపెట్టింది. "నాకు ఒంట్లో బాగోక" అని రాసి, ఆఫీసని ముందే చెప్పింది గుర్తొచ్చి చెరిపేసింది. సూపర్‌వైజరు కదలనివ్వలేదంటూ నాలుగు వాక్యాలు రాసింది. సొంత అబద్ధం అంత పొడుగ్గా కనపడేసరికి రోత పుట్టి అదీ చెరిపింది. అరగంట తంటాలు పడితే చివరికి ఇది తేలింది:

"టీచరు గారికి నమస్కారం. ఇవాళ చివరి నిమిషంలో క్లాసు మానేసినందుకు క్షమించండి. ఆఫీసులో అనుకోని పని పడింది. కంగారులో ఆడియో పంపాను, అది పూర్తిగా నా తప్పే. మీరు వచ్చి ఎదురుచూసి ఉంటారు. ఈ క్లాసు ఫీజు మామూలుగానే ఇస్తాను. మీకు వీలైతే శనివారం నాలుగున్నరకి అదే చోట బదులు క్లాసు పెట్టుకుందామా? ఆ రోజు కాకపోతే మీరు చెప్పిన రోజుకి వస్తాను."

పద్ధతిగానే ఉంది. ఒక్క వాక్యం తప్ప. పంపేముందు ఆ వాక్యం మీద వేలు ఆగింది. ఆగింది గానీ చెరపలేదు.

జవాబు గంట తర్వాత వచ్చింది. "రేపు ఐదున్నరకి మా ఇంటికి రా. క్లాసుకి కాదు."

మర్నాడు పొద్దున డ్యూటీలో ఆవిడ మనసు మనసులో లేదు. కిటికీ అద్దానికి అరచేతి వెడల్పు కంత ఉంటుంది. ప్రయాణికులు దాంట్లోకి వంగి మాట్లాడితే పెదాలు కనపడవు, నిటారుగా మాట్లాడితే గొంతు రాదు. వెనక ప్లాట్‌ఫారం వెలుతురు పడి మొహాలన్నీ నీడల్లా ఉంటాయి. వెలుతురు మనిషి మొహం మీద పడాలి గానీ వీపు మీద కాదని టీచరు గారు రెండో క్లాసులోనే చెప్పారు. ఒక ముసలాయన ఏదో అడిగాడు. కౌంటరమ్మ కళ్ళు చిట్లించింది. పక్క కిటికీ నుంచి "తాతగారూ, పదింటి బండికి ఒకటా? కిటికీ పక్క సీటు కావాలా?" అని రేడియో మోగింది. కౌంటరమ్మ పళ్ళు కొరుక్కుంటూ టికెట్ ఇచ్చింది.

మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఒకటో తారీఖు నుంచి రేడియో పైఅంతస్తులో పాసుల సెక్షనుకి. కౌంటరమ్మ అది రెండుసార్లు చదువుకుని, 'హమ్మయ్య, పీడ విరగడైంది' అనుకుంది. రేడియో మాత్రం ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. ఎందుకో ఆ పూట పెద్దగా నవ్వలేదు.

సాయంత్రం ఐదూ ఇరవై ఐదుకి కౌంటరమ్మ టీచరు గారి గుమ్మం ముందుంది. గంట నొక్కితే లోపల గదిలో దీపం వెలిగి ఆరుతుంది. టీచరు గారు తలుపు తీసి, కూర్చోమని కుర్చీ చూపించారు. ఎప్పుడూ కూర్చునే కుర్చీ కాదు, కిటికీకి ఎదురుగా ఉన్నది. వెలుతురంతా కౌంటరమ్మ మొహం మీద పడేది. ఇవాళ పెదాలు చదివేది టీచరు గారు.

"చెప్పు" అన్నారు టీచరు గారు. ఆ గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వినపడని తన గొంతుని గుర్తుమీద నడిపిస్తారు.

"ఏమీ అనుకోకండి టీచరు గారూ, నిన్న ఆఫీసులో..." అంటూ కౌంటరమ్మ తెలియకుండానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యి."

తీసింది.

టీచరు గారు తన ఫోను తెరిచి, ఆ మైకు గుర్తున్న మెసేజ్ బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టారు. "నాలుగున్నర నుంచి ఐదుంపావు దాకా నిలబడ్డాను. నువ్వు చోటు మర్చిపోయావేమో అనుకుని మార్కెట్ రెండుసార్లు తిరిగాను. ఫోను చూస్తే ఇది. నేనేం చెయ్యను? తాళాలాయనకిచ్చి, ఇందులో ఏముందో విని చెప్పు నాయనా అన్నాను. ఆయన విన్నాడు. నవ్వాడు. మళ్ళీ పెట్టుకుని విన్నాడు. 'ఆవిడ ఆఫీసులో ఉన్నానంటోందమ్మా, కానీ వెనకాల మోగుతున్నది నా మిషనే' అన్నాడు. మీ ఆఫీసులో తాళాలు కోస్తారా అమ్మాయ్?"

కౌంటరమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఏ మిషను? ఆ సందులో నిలబడినంతసేపూ ఆవిడకి ఏ చప్పుడూ వినపడలేదే. ఇనుము కోసే ఆ సన్నటి కీచు, నలుగురూ చెవులు మూసుకునే కీచు, అడుగు దూరంలో మోగుతుంటే ఆవిడకి లేనేలేదు. డాక్టరు చెప్పాడు, ముందు పోయేవి సన్న శబ్దాలేనని. మొహాలు కనపడితే నెట్టుకొస్తున్నాననుకుంది గానీ, ఇంత పోయిందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. అబద్ధం దొరికిపోయిన సిగ్గు ఒక పక్క, ఈ భయం ఒక పక్క. ఏడుపు ఆపుకోలేకపోయింది.

టీచరు గారు ఏడవనిచ్చారు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చారు.

"మా ఆఫీసు పిల్ల కనపడిందండీ" అంది చివరికి, మొహం ఎత్తి, పెదాలు కనపడేలా. "అది చూస్తే ఊరంతా టముకేస్తుందని పారిపోయాను. ఆఫీసు పని అంతా అబద్ధం."

"ఇది ముందే రాయాల్సింది" అన్నారు టీచరు గారు. "ఒంట్లో బాగోకపోతే బాగోలేదను. భయమేస్తే భయమేసిందను. నాకూ వేసింది ఒకప్పుడు. దానికి నేను కోప్పడను."

"శనివారం బదులు క్లాసు..."

"నా గంట నేనిస్తాను. శనివారం ఆ టైముకి వచ్చే పిల్లాణ్ణి ఆదివారానికి మార్చుకుంటాను. కానీ నిన్న పోయింది నా ఒక్కదాని గంట కాదు. తాళాలాయన నీకోసం పావుగంట మిషను ఆపుతానన్నాడు. పళ్ళావిడ కొట్టు వదిలి వస్తానంది. గొడుగులు బాగుచేసే అతను నోరు స్పష్టంగా కదలాలని మీసం కత్తిరించుకొచ్చాడు, తెలుసా? వాళ్ళ టైము నాది కాదు, నీకు మాటివ్వడానికి. నువ్వెళ్ళి అడుగు. ముగ్గురూ ఒప్పుకుంటేనే శనివారం."

"నేనా? ఒక్కదాన్నా? ఆ గోలలో వాళ్ళ మాట నాకెలా తెలుస్తుందండీ?"

"తెలియకపోతే ఏం చెయ్యాలో ఐదు వారాలుగా చెబుతున్నాను."

గురువారం డ్యూటీ దిగి, కౌంటరమ్మ కళ్ళజోడు పెట్టుకునే మార్కెట్‌కి వెళ్ళింది. బస్సులో దారంతా నేర్చుకున్నది నెమరేసుకుంది. మూడడుగుల దూరం. వెలుతురు వాళ్ళ మొహం మీద. ప, బ, మ మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. క, గ గొంతులో ఉండిపోతాయి, అసలు కనపడవు. అందుకని మాట కోసం దేవులాడకూడదు, విషయం పట్టుకోవాలి. దొరకనప్పుడు వెర్రిగా "ఆఁ?" అనకూడదు, తెలిసినంత చెప్పి తెలియనిది అడగాలి.

గొడుగులతను పరవాలేదు. "క్షమించు బాబూ, మొన్న రానిది నేనే" అనేసరికి మొహం ఎర్రబడి, తన పెదవి పైన వేలితో రాసుకుంటూ ఏదో అన్నాడు. వేలు చూసి ఊహించింది. "మీసం నాకోసం పోయిందనా?" అంది. అతను పగలబడి నవ్వాడు. శనివారానికి తల ఊపాడు.

పళ్ళావిడ అలా కాదు. సంచుల వైపు వంగి మాట్లాడుతుంది, నముల్తూ మాట్లాడుతుంది. రెండు ముక్కలు కూడా దొరకలేదు. కౌంటరమ్మకి ఎప్పటిలా "ఊ" అనేసి తప్పుకోవాలనిపించింది. ఆ "ఊ" నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "అమ్మా, నాకు వినపడదు. ఇటు తిరిగి చెప్పు, నీ మూతి చూస్తే తెలుస్తుంది" అంది.

జీవితంలో మొదటిసారి ఆ మాట బయటికి అన్నది పళ్ళావిడతో. అనేసి చుట్టూ చూసింది. ఆకాశం కూలలేదు. పళ్ళావిడ నమలడం ఆపి, నోరు తుడుచుకుని, నిటారుగా నిలబడి మళ్ళీ చెప్పింది. "శనివారమని తెలిసింది, ఎన్నింటికన్నావ్?" అని అడిగింది కౌంటరమ్మ. ఆవిడ వేళ్ళు చూపించలేదు, పంతంగా మూతే కదిపింది. నాలుగున్నర.

తాళాలాయన దగ్గరికి రెండు చేతులూ జోడించి వెళ్ళింది. ఆయన మిషను ఆపాడు. తిరగడం ఆగిందని కంటితో చూసి తెలుసుకుంది. "మీ మిషను నన్ను పట్టిచ్చిందండీ" అంది. ఆయన కొంటెగా కళ్ళు చిట్లించి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, "ఇంకోసారి, అబద్ధమాడితే, దూరంగా, వెళ్ళి, ఆడమ్మా" అన్నాడు. మొత్తం వాక్యం ఒక్క ముక్క పోకుండా తెలిసింది. సిగ్గు మానేసి నవ్వేసింది.

ఆ నవ్వుతోనే వెనక్కి తిరిగింది. మూడడుగుల దూరంలో, చేతిలో కూరల సంచీతో రేడియో నిలబడి ఉంది. వాళ్ళ ఇల్లు ఆ వెనక వీధిలోనేనట.

"అక్కా, ఇక్కడేం చేస్తున్నావ్?"

సందు పక్కనే ఉంది, మొన్న దాక్కున్నదే. కౌంటరమ్మ దానివైపు ఒకసారి చూసింది. తర్వాత రేడియో మొహంలోకి చూసింది.

"నాకు చెవులు పోతున్నాయే" అంది. "పెదాలు చదవడం నేర్చుకుంటున్నాను. మొన్న నిన్ను చూసి పారిపోయి టీచరు గారి క్లాసు ఎగ్గొట్టాను, వీళ్ళందరి కాళ్ళూ పట్టుకుంటున్నాను. చెప్పుకో పో, డిపో అంతా."

రేడియో సంచీ కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలుసు కదక్కా."

"ఏంటి?"

"మూడేళ్ళ నుంచి తెలుసు. ఒకసారి ఒకావిడ నాలుగుసార్లు అడిగినా నువ్వు అద్దంకేసి చూస్తూ కూర్చున్నావు. అప్పట్నుంచే గట్టిగా మళ్ళీ చెబుతున్నాను, నీకందాలని. నీతో అంటే బాధపడతావని అనలేదు. ఎవరితోనూ అనలేదు. పాసుల సెక్షనుకి వేశారక్కా నన్ను. వద్దని సూపర్‌వైజరుని బతిమాలాను, ఎందుకో చెప్పలేక ఊరుకున్నాను. ఒకటో తారీఖు నుంచి నీకు ఎవరు చెబుతారా అని నిన్నట్నుంచి తిండి సయించట్లేదు."

ఇందులో చాలా భాగం కౌంటరమ్మకి చెవితోనే అందింది. ఆ పిల్ల గొంతు అలాంటిది. మూడేళ్ళు. రోజుకి రెండొందల మంది ప్రయాణికులు. కసిరిన ప్రతిసారీ ఆ పళ్ళికిలింపు. కింద పెట్టిన కూరల సంచీని కౌంటరమ్మ తీసి భుజానికి తగిలించుకుంది. వాళ్ళ వీధి మొదలుదాకా తనే మోసింది.

ఇంటికెళ్ళి టీచరు గారికి రాసింది. "ముగ్గురూ ఒప్పుకున్నారు. శనివారం నాలుగున్నరకి తాళాల బడ్డీ దగ్గర ఉంటాను. పది నిమిషాలు ముందే వస్తాను. నాతో ఇంకొకరిని తీసుకురావచ్చా?" కుళాయి దగ్గర భర్త ఏదో అంటుంటే వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి, "ఇటు చూసి చెప్పండి, మీతో మాట్లాడాలి" అంది.

శనివారం నాలుగూ ఇరవైకే అందరూ ఉన్నారు. గొడుగులతను మీసం మళ్ళీ మొలవనివ్వలేదు. పళ్ళావిడ ఏమీ నమలట్లేదు. టీచరు గారు వెలుతురు చూసుకుని మనుషుల్ని నిలబెట్టారు, చివర్న రేడియోని. "గొంతు రాకూడదు. పెదాలే" అన్నారు.

రేడియోకి అదే కష్టమైపోయింది. రెండుసార్లు మొదలుపెట్టింది, రెండుసార్లూ గొంతు బయటికొచ్చి తాళాలాయన ఉలిక్కిపడ్డాడు. టీచరు గారు దాని గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, వణుకు ఆగేదాకా పట్టుకున్నారు. మూడోసారి మార్కెట్ గోల మధ్య ఆ పిల్ల నోరు చప్పుడు లేకుండా కదిలింది.

కౌంటరమ్మ చూసింది. మొదటి ముక్క దొరకలేదు. "ఊ" అనలేదు.

"రెండు టికెట్లని తెలిసింది. ఎన్ని గంటల బండికండీ?"

రేడియో మళ్ళీ కదిపింది.

"ఐదున్నర బండి" అంది కౌంటరమ్మ, "రెండు."

రేడియో కొంగుతో కళ్ళొత్తుకుంది. టీచరు గారు ఆ పిల్ల గొంతు మీంచి వేళ్ళు తీసి, "బాగుంది. వెనక్కి రెండడుగులు వెయ్యి, మళ్ళీ అడుగు" అన్నారు.